మోకాలికి రాసిన జెల్ కిడ్నీ దాకా వెళ్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా అత్తయ్యగారికి 64 ఏళ్లు. వయసులో ఉన్నప్పుడంతా ఊడ్పులకీ కోతలకీ వెళ్లిన మనిషి. ఇప్పుడు రెండు మోకాళ్లూ నొప్పి, కుడిది మరీ ఎక్కువ. షుగరు 15 ఏళ్లుగా ఉంది. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటారు. పోయిన నెల పరీక్షలో క్రియాటినిన్ 1.4 వచ్చింది, నొప్పి మాత్రలు మానేయమన్నారు. అప్పటి నుంచి జెల్ మొదలుపెట్టారు. మోకాళ్లకీ నడుముకీ రోజుకి ఐదారుసార్లు రాసి, క్రేప్ బ్యాండేజీ చుట్టి, పైన వేడినీళ్ల బ్యాగు పెట్టుకుంటారు. 30 గ్రాముల ట్యూబు రోజున్నరకే అయిపోతోంది. మరీ తట్టుకోలేని రోజు మా ఊరి ఆర్‌ఎంపీ గారిచ్చిన మాత్ర కూడా వేసుకుంటారు. ఏడో నెలతో పురిటికి వచ్చిన మా ఆడపడుచు కూడా నడుము నొప్పికి ఇంట్లో ఉన్న స్ప్రే కొట్టుకుంటోంది. పైన రాసేదే కదా, లోపలికి ఏం పోతుంది అంటున్నారు అందరూ. నిజమేనా?
— ఒక కోడలు, కోనసీమ

సమాధానం:

అమ్మా, ముందు మీ ఆడపడుచు సంగతి. ఆ స్ప్రే ఈరోజు నుంచే మానేయమనండి. కారణం కింద వివరంగా రాస్తాను. అయితే ఇన్నాళ్లూ కొట్టుకున్నందుకు టెన్షన్ పడొద్దని కూడా చెప్పండి. రెండో మాట అత్తయ్యగారి గురించి. ఆవిడ విషయంలో నాకు జెల్ కంటే ఆర్‌ఎంపీ గారిచ్చిన ఆ మాత్రే ఎక్కువ భయంగా ఉంది. ఎందుకో తెలియాలంటే చర్మం మీద రాసిన మందులో ఎంత ఒంట్లోకి వెళ్తుందో లెక్క చూడాలి.

మన మెడికల్ షాపుల్లో దొరికే నొప్పి జెల్స్‌లో ఎక్కువ వాటిలో ఉండే అసలు మందు డైక్లోఫెనాక్. డబ్బా మీద ‘డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ 1.16 శాతం’ అని ఉంటుంది. అది మాత్రల్లో ఉండే డైక్లోఫెనాక్ సోడియం లెక్కలో 1 శాతంతో సమానం. అంటే ఒక గ్రాము జెల్‌లో 10 మిల్లీగ్రాముల మందు ఉన్నట్టు. అత్తయ్యగారు 30 గ్రాముల ట్యూబు రోజున్నరలో వాడుతున్నారంటే రోజుకి 20 గ్రాములు. అందులో ఉన్న మందు 200 మిల్లీగ్రాములు. డైక్లోఫెనాక్ మాత్రలు రోజు మొత్తం మీద 150 మిల్లీగ్రాములు మించి వాడరు. కాబట్టి ఆ అంకె చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది.

అయితే చర్మం పైపొర అంత తేలిగ్గా దేన్నీ లోపలికి పోనివ్వదు. ఈ జెల్‌ను ఒక మోకాలికి రోజుకి నాలుగుసార్లు, మొత్తం 16 గ్రాములు రాసి రక్తంలో మందు ఎంత ఉందో కొలిచారు. రోజుకి 150 మిల్లీగ్రాముల మాత్రలు మింగిన వాళ్ల రక్తంలో కనిపించే మందుతో పోలిస్తే, ఇది సుమారు 6 శాతమే ఉంది. రెండు మోకాళ్లకీ రెండు చేతులకీ కలిపి రోజుకి 48 గ్రాములు రాస్తే అది దాదాపు 20 శాతానికి పెరిగింది. రాసిన మందు మూడింతలైతే రక్తంలో మందు కూడా మూడింతలకు పైనే అయిందన్నమాట. అంటే, పైన రాసేదాంట్లో లోపలికి ఏమీ పోదనే మాట నిజం కాదు. రాసినదంతా లోపలికి పోతుందనుకోవడమూ తప్పే. ఎంత చోట రాశారు, ఎన్నిసార్లు రాశారు అన్నదాన్ని బట్టే లోపలికి పోయేది ఉంటుంది.

అదే లెక్కన అత్తయ్యగారు రాసుకునే 20 గ్రాముల నుంచి ఒంట్లోకి చేరేది సుమారు 12 మిల్లీగ్రాముల మాత్ర మింగినంత. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇది పెద్ద లెక్క కాదు. కానీ ఈ కొలతలన్నీ చర్మం మీద పల్చగా రాసి, గాలి తగిలేలా వదిలేసినప్పటివి. దాని మీద బ్యాండేజీ బిగించి చుట్టి, వేడినీళ్ల బ్యాగు పెట్టినప్పుడు ఎంత పోతుందో ఈ లెక్క చెప్పదు. మూసి ఉంచితే చర్మం తేమతో నానుతుంది. వేడి తగిలితే చర్మం కింద రక్తనాళాలు వెడల్పవుతాయి. రెండూ మందును లోపలికి లాగేవే. అందుకే జెల్ రాసిన చోట కట్టు కట్టొద్దని, వేడి పెట్టొద్దని కంపెనీలే డబ్బాలోని కాగితం మీద రాస్తాయి. మన వైపు వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం పెట్టడం ఎప్పటి నుంచో ఉంది. కాపడం తప్పు కాదు, మోకాళ్ల నొప్పికి హాయిగానే ఉంటుంది. జెల్ మీద పెట్టడమే తప్పు. పొద్దున కాపడం పెట్టుకుని, ఒళ్లు తుడుచుకుని, చర్మం వేడి పూర్తిగా తగ్గాక జెల్ రాసుకోవచ్చు. జెల్ రాశాక మాత్రం కొన్ని గంటల పాటు ఆ చోట వేడి తగలకూడదు. స్నానం కూడా కనీసం గంట ఆగి చేయాలి.

అత్తయ్యగారికి వేడినీళ్ల బ్యాగు వద్దనడానికి ఇంకో కారణం ఉంది. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం. షుగరు 15 ఏళ్లుగా ఉన్నవాళ్లలో చాలామందికి కాళ్లలో స్పర్శ మొద్దుబారి ఉంటుంది. వేడి ఎక్కువైందని వాళ్లకి తెలియదు. ఈ జెల్స్, స్ప్రేలు చాలావాటిలో డైక్లోఫెనాక్‌తో పాటు మెంథాల్ 5 శాతం, మిథైల్ సాలిసిలేట్ 10 శాతం దాకా కూడా కలుపుతారు. ఈ రెండూ చర్మాన్ని రేపేవే. మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ ఉన్న మందులు రాసుకున్న కొందరికి చర్మం కాలి బొబ్బలు వచ్చాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2012లోనే హెచ్చరించింది. మెంథాల్ 3 శాతం, మిథైల్ సాలిసిలేట్ 10 శాతం దాటిన వాటితోనే ఇవి ఎక్కువగా వచ్చాయి. కొందరికి ఒక్కసారి రాసుకుంటేనే వచ్చాయి. దాని మీద కట్టు, వేడి కూడా తోడైతే మొద్దుబారిన కాలికి ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మోకాలి చుట్టూ బ్యాండేజీ అంచుల వెంట చర్మం ఎర్రగా కమిలినా, నీటి బుడగలు లేచినా, అది ‘మందు వేడి’ కాదు, కాలిన గాయం. వెంటనే చల్లటి నీళ్లతో కడిగి, చూపించాలి. షుగరు మనిషికి అలాంటి పుండు నెలల తరబడి మానకపోవచ్చు.

ఇక రోజుకి ఐదారుసార్లు రాయడం సంగతి. అలా ఎందుకు రాస్తున్నారో నేను ఊహించగలను. రాయగానే చల్లగా, హాయిగా ఉంటుంది. గంట, రెండు గంటలకి ఆ చల్లదనం పోతుంది. మందు దిగిపోయిందనుకుని మళ్లీ రాస్తారు. ఆ చల్లదనం మెంథాల్‌ది. చర్మంలో చలిని పట్టుకునే నరాల చివర్లను అది తట్టి లేపుతుంది, నొప్పి కాసేపు వెనక్కి తగ్గినట్టుంటుంది. డైక్లోఫెనాక్ పని వేరు. అది చర్మంలో, దాని కింది కండలో నిల్వ ఉండి నెమ్మదిగా దిగుతుంది. జెల్ రాశాక రక్తంలో మందు గరిష్ఠానికి చేరడానికే పది గంటలకు పైన పడుతుంది, మాత్రకైతే రెండు మూడు గంటలు చాలు. మోకాలి అరుగుదల నొప్పి మీద దాని ఫలితం తెలియడానికి రోజూ రాస్తుంటే వారం దాకా పట్టవచ్చు. కాబట్టి చల్లదనం పోయినప్పుడల్లా మళ్లీ రాస్తే డైక్లోఫెనాక్ మీద డైక్లోఫెనాక్ పేరుకుంటోందే తప్ప, ఆ గంటలో నొప్పికి ఒరిగేదేమీ లేదు. వేళకి రాసి, మధ్యలో మళ్లీ ముట్టుకోకపోవడమే దీనికి సరైన వాడకం.

నడుముకి రాయడం నేను పూర్తిగా మానేయమంటాను. ఈ జెల్ బాగా పనిచేసేది చర్మానికి దగ్గరగా ఉండే కీళ్లకి, అంటే మోకాలు, చేతివేళ్లు, మణికట్టు, మడమ లాంటి చోట్ల. నడుములో నొప్పి పుట్టే చోటు లోతుగా ఉంటుంది, అక్కడికి పైనుంచి రాసింది తగినంత చేరదు. పైగా నడుము వెడల్పైన చోటు. రాసే మందు చాలా పడుతుంది, లోపలికి పోయేది పెరుగుతుంది, ఉపయోగం మాత్రం తక్కువ. మోకాలి విషయంలో కూడా ఎంత ఆశించాలో చెప్పాలి. దీర్ఘకాలపు అరుగుదల నొప్పికి డైక్లోఫెనాక్ జెల్ రాసుకున్న వంద మందిలో 60 మందికి దాకా నొప్పి బాగా తగ్గితే, మందు లేని ఉత్త జెల్ రాసుకున్నవాళ్లలో కూడా 50 మందికి తగ్గింది. అంటే కొందరికి నిజంగా పనిచేస్తుంది, అందరికీ కాదు. రెండు మూడు వారాలు సరిగ్గా రాసినా తేడా కనిపించకపోతే ఇంకా ఎక్కువ రాయడంలో అర్థం లేదు, మానేయాలి.

ఇప్పుడు ఆ మాత్ర. ఆర్‌ఎంపీ గారిచ్చిన మాత్ర పేరు మీరు రాయలేదు. మన పల్లెల్లో నొప్పులకి ఎక్కువగా ఇచ్చేది అసెక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిపిన మాత్ర. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో అసెక్లోఫెనాక్ 100 మిల్లీగ్రాములు అని ఉందేమో చూడండి. డైక్లోఫెనాక్ అని ఉన్నా, ఐబుప్రొఫెన్, నాప్రొక్సెన్, ఎటోరికాక్సిబ్ అని ఉన్నా ఒకే కుటుంబం. ట్యూబు నుంచి ఒంట్లోకి చేరేది రోజు మొత్తానికి 12 మిల్లీగ్రాములైతే, డైక్లోఫెనాక్ 50 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి మింగినా ఆ నాలుగు రోజుల జెల్ మొత్తాన్నీ ఒక్క పూటలో మింగినట్టే. జెల్ రాస్తున్నాం కదా అని పక్కన ఆ కుటుంబం మాత్ర వేసుకుంటే జెల్‌కి మారిన ప్రయోజనమంతా పోయినట్టే.

కిడ్నీ దగ్గర ఏం జరుగుతుందో చెప్తాను. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాన్ని తెరిచి ఉంచేందుకు ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు తయారవుతాయి. నొప్పి మందులు వాటిని ఆపడం వల్లే నొప్పి, వాపు తగ్గుతాయి. కానీ కిడ్నీలో కూడా అవి తగ్గి, ఆ నాళం కుంచించుకుపోతుంది. అత్తయ్యగారు వేసుకునే మాత్రలోని టెల్మిసార్టాన్ కిడ్నీ నుంచి రక్తం బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లోని నీటినీ ఉప్పునీ బయటికి పంపుతుంది. ఈ రెండూ బీపీకి మంచి మందులే, వాటిని మాన్పించకండి. కానీ ఆ రెండిటి మీద నొప్పి మాత్ర పడితే కిడ్నీలో వడపోతకి కావలసిన ఒత్తిడి ఒక్కసారిగా పడిపోవచ్చు. వైద్యులు ఈ మూడు మందుల జతను ప్రత్యేకంగా చూసి భయపడేది అందుకే. 64 ఏళ్ల మహిళకి క్రియాటినిన్ 1.4 అంటే కిడ్నీ వడపోత నిమిషానికి 42 మిల్లీలీటర్ల దగ్గర ఉన్నట్టు లెక్క. మామూలుగా 90కి అటూ ఇటూ ఉండాలి. రిపోర్టులో 1.4 పక్కన మామూలు అంకె 1.1 అని రాసి ఉండటంతో ‘కొంచెమే ఎక్కువ’ అనుకుంటారు చాలామంది. కొంచెం కాదమ్మా, సగానికి పైగా తగ్గింది.

ఎండాకాలంలో చెమటలు కారినప్పుడు, వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఇది ఇంకా ప్రమాదం. ఒంట్లో నీరు తగ్గిన ఆ రోజుల్లో జెల్ కూడా ఆపేయాలి, బీపీ మాత్ర సంగతి డాక్టరుగారికి ఫోన్ చేసి అడగాలి. పాదాలు, చీలమండలు కొత్తగా వాచినా, మూత్రం తగ్గినా, నాలుగైదు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, బాగున్న బీపీ ఉన్నట్టుండి పెరిగినా, ‘మోకాళ్లు వాచి ఉంటాయిలే’ అని వదిలేయకండి. అదే రోజు చూపించండి.

అందుకని అత్తయ్యగారికి జెల్ అసలు వద్దంటానా? అనను. వడపోత 30 కంటే తగ్గిపోయినవాళ్లయితే జెల్ కూడా వద్దంటాను. ఈవిడకి మాత్రం, ఆవిడ కిడ్నీ సంగతి చూస్తున్న డాక్టరుగారు సరేనంటే, ఒక్క కుడి మోకాలికే కొంతకాలం రాయవచ్చని నా అభిప్రాయం. ఎలా రాయాలో చెప్తాను. డైక్లోఫెనాక్ ఒక్కటే ఉన్న జెల్ అడగండి, దొరుకుతుంది. మెంథాల్, సాలిసిలేట్ కలిసినవి వద్దు. పూటకి 3 గ్రాములు, రోజుకి మూడు పూటలు. 30 గ్రాముల ట్యూబులో పది పూటలకి వస్తుంది, అంటే ట్యూబు మూడు రోజులకి కాస్త పైన రావాలి. కొలవడానికి వంటింటి త్రాసేమీ అక్కర్లేదు, ట్యూబు ఎన్నాళ్లు వచ్చిందో చూసుకుంటే చాలు. మరీ ఒకటిన్నర రోజుకే అయిపోతే ఎక్కువ రాస్తున్నారు. పది రోజులు వస్తే మరీ తక్కువ రాస్తున్నారు, పనిచేయదు. ఈ కొలతన రోజుకి 9 గ్రాములు, అందులో మందు 90 మిల్లీగ్రాములు, ఒంట్లోకి పోయేది సుమారు 5 మిల్లీగ్రాముల మాత్ర మింగినంత. ఇప్పుడు పోతున్నదాంట్లో సగం కూడా కాదు, కట్టూ వేడీ లేకపోవడం అదనం.

మోకాలి ముందు, పక్కల, చిప్ప చుట్టూ మెల్లగా రాసి పది నిమిషాలు చీర తగలకుండా ఆరనివ్వాలి. మోకాలి వెనక మడతలో చర్మం పల్చగా, చెమటగా ఉంటుంది, అక్కడ వద్దు. గీతలు పడిన, చీము పట్టిన, ఒరిసిన, తామర ఉన్న చర్మం మీద అసలు రాయకూడదు. అలాంటి చోట చర్మం అడ్డుకోదు, మందు నేరుగా లోపలికి పోతుంది. సార్వా ఊడ్పుల రోజుల్లో నీళ్లలో నాని వేళ్ల సందుల్లో పగిలిన పాదాలకి, చేతులకి మంట పుట్టినా సరే ఇదే జెల్ రాసుకునేవాళ్లు ఉంటారు. కొబ్బరి దింపు తీసేవాళ్లు చెట్టు ఒరుసుకుని తోలు లేచిన ఛాతీ మీద, మోచేతుల మీద స్ప్రే కొడతారు. ఇవి రెండూ చేయకూడనివే. రాశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. రెండు వారాలు ఇలా వాడాక క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించండి. పెరిగితే ఆపేయాలి. మధ్యలో నొప్పి ఎక్కువైన రోజుకి పారాసెటమాల్ ఒక్కటే ఉన్న మాత్ర, ఆవిడకి రోజుకి ఎన్ని అన్నది డాక్టరుగారిని అడిగి వాడటం ఆర్‌ఎంపీ గారి మాత్ర కంటే చాలా మేలు. ఆర్‌ఎంపీ గారితో గొడవ పెట్టుకోవాల్సిన పనిలేదు. క్రియాటినిన్ రిపోర్టు చూపించి ‘కిడ్నీ ఇలా ఉంది, ఈ మాత్రలు వద్దన్నారండి’ అని చెప్పండి చాలు. తర్వాత ఎవరు ఏ మాత్ర ఇచ్చినా ముందు ఆ రిపోర్టు చూపించాలని అత్తయ్యగారికి అలవాటు చేయండి.

ఇప్పుడు మీ ఆడపడుచు. ఏడో నెలలో బిడ్డ గుండె దగ్గర ఒక నాళం ఉంటుంది. పుట్టాక మూసుకోవాల్సిన ఆ నాళాన్ని, పుట్టే దాకా తెరిచి ఉంచేవి ఇందాక చెప్పిన ప్రోస్టాగ్లాండిన్లే. నొప్పి మందులు ఎక్కువైతే ఆ నాళం కడుపులోనే ముందుగా మూసుకుపోయే ప్రమాదం ఉంది. బిడ్డ కిడ్నీల మీద కూడా ప్రభావం పడి, ఉమ్మనీరు తగ్గవచ్చు. 20 వారాలు దాటిన గర్భిణులు ఈ కుటుంబం మందులు వైద్యులు చెప్తే తప్ప వాడొద్దని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఆఖరి మూడు నెలల్లో పైన రాసుకునే జెల్, స్ప్రే కూడా వద్దు. ఇవి ఎక్కువగా మాత్రల విషయంలో తెలిసిన ప్రమాదాలు. స్ప్రే నుంచి పోయేది తక్కువే. అందుకే ఇదివరకు కొన్నిసార్లు కొట్టుకున్నందుకు కంగారు పడొద్దన్నాను. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టరమ్మకి ఏ స్ప్రే, ఎన్నాళ్లు, రోజుకి ఎన్నిసార్లు అన్నది చెప్పమనండి. అవసరమనిపిస్తే ఆవిడే ఉమ్మనీరు చూస్తారు. నడుము నొప్పికి ఎడమ పక్కకి తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోవడం, నడుముకి గోరువెచ్చని గుడ్డ కాపడం, అవసరమైతే డాక్టరమ్మ చెప్పిన పారాసెటమాల్ చాలు. ఒక్క విషయం గమనించమనండి. నడుము నొప్పి వస్తూ పోతూ, పొట్ట గట్టిపడుతూ, వాటి మధ్య వ్యవధి తగ్గుతూ ఉంటే అది నడుము నొప్పి కాదు, పురిటి నొప్పి కావచ్చు. నీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా స్ప్రే సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బిడ్డ పుట్టాక పాలిచ్చే రోజుల్లో రొమ్ముల మీద, బిడ్డ నోరు తగిలే చోట ఇలాంటివేవీ రాయకూడదు.

మీ ఇంటిని దాటి ఇంకొన్ని ఇళ్లకి పనికొచ్చే మాట ఒకటుంది. మిథైల్ సాలిసిలేట్ గురించి. ఆయుర్వేదం అని రాసి ఉన్న చాలా బామ్‌లు, నొప్పి నూనెల డబ్బాల మీద ‘గంధపుర తైలం’ అని కనిపిస్తుంది. అది దాదాపు మొత్తం మిథైల్ సాలిసిలేటే, ఆస్పిరిన్ బంధువు. డైక్లోఫెనాక్ కంటే ఇది చర్మంలోంచి బాగా దిగుతుంది. రాసినదాంట్లో పదింట ఒకటి నుంచి రెండు వంతులు, రోజూ రాస్తుంటే ఇంకా కాస్త ఎక్కువే. 10 శాతం ఉన్న జెల్ రోజుకి 20 గ్రాములు రాస్తే అందులో సాలిసిలేట్ 2 గ్రాములు, లోపలికి పోయేది 200 నుంచి 400 మిల్లీగ్రాములు. గుండె కవాటం మార్చినవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు వార్ఫరిన్ లేదా ఎసినోకౌమరాల్ అనే రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటూ, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకుంటుంటారు. అలాంటివాళ్లు ఇవి ఒళ్లంతా రాసుకుంటే ఐఎన్‌ఆర్ పెరిగి రక్తస్రావం అయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. చిగుళ్ల నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే ఒంటి మీద నీలి మచ్చలు, నల్లటి విరేచనం, ఎర్రటి మూత్రం కనిపిస్తే బామ్ ఆపి ఆ రోజే ఐఎన్‌ఆర్ చూపించుకోవాలి. పైపూత కదా అని వీళ్లు డాక్టరుకి చెప్పరు, డాక్టరు అడగరు.

ఆస్పిరిన్ గానీ ఏదైనా నొప్పి మాత్ర గానీ వేసుకుంటే ఆయాసం వచ్చినవాళ్లు, ఒళ్లు దద్దుర్లెక్కినవాళ్లు, ముఖం వాచినవాళ్లు జెల్‌నీ స్ప్రేనీ ముట్టుకోకూడదు. ఆస్తమా ఉన్నవాళ్లకి స్ప్రే వాసన పీల్చినా దగ్గు రావచ్చు, మూసిన గదిలో కొట్టొద్దు. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, గుండె బలహీనంగా ఉండి కాళ్లు వాచేవాళ్లు, కడుపులో పుండు పడి రక్తం పోయినవాళ్లు వాళ్ల డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టకూడదు. స్ప్రేని బయటికి నెట్టే వాయువు మంటకి అంటుకుంటుంది. వంటింట్లో పొయ్యి దగ్గర, ఎవరైనా బీడీ కాలుస్తున్న చోట వాడకూడదు.

పిల్లలున్న ఇంట్లో ఆ నొప్పి నూనెల సీసాలు కిటికీ మీద, మంచం కింద పెట్టకండి. శుద్ధమైన గంధపుర నూనె ఒక టీస్పూన్‌లో సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌కి సమానమైన సాలిసిలేట్ ఉంటుంది, చిన్న పిల్లవాడి ప్రాణం తీయడానికి అది చాలు. బిడ్డ తాగితే వాంతి చేయించే ప్రయత్నం చేయొద్దు. సీసా కూడా తీసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. మీ ఆడపడుచుకి బిడ్డ పుట్టి పాకే వేళకి మీ ఇంట్లో ఉన్న ట్యూబులు, డబ్బాలు, సీసాలన్నీ పై అరలోకి చేర్చి పెట్టండి. అత్తయ్యగారికి రెండు వారాల తర్వాత వచ్చే క్రియాటినిన్, పొటాషియం అంకెలు, ఆర్‌ఎంపీ గారిచ్చిన మాత్ర స్ట్రిప్ వెనకున్న పేరు నాకు రాస్తే, జెల్ కొనసాగించవచ్చా లేదా అన్నది ఇంకా స్పష్టంగా చెప్పగలను.